పడ్డంక అచ్చిన చక్కర్

రెండువందల పద్నాలుగో గదిలో మనిషి పడ్డ చప్పుడు మొదట విన్నది యాదవ్వ. కరీంనగర్‌లోని ఆ హోటల్ రెండో అంతస్తులో గదులు తుడిచి, పక్కలు సర్దే పని ఆమెది. తొమ్మిదేళ్లుగా అదే వరండా. బకెట్ బోర్లా పడితే ఎట్లా మోగుతుందో, తలుపు గాలికి కొట్టుకుంటే ఎట్లా మోగుతుందో ఆమె చెవులకు కంఠస్థం. ఇది ఆ రెండూ కాదు. తలుపు తట్టింది. మళ్లీ తట్టింది. లోపలినుంచి సన్నగా మూలుగు వినిపించగానే తన కార్డుతో తలుపు తెరిచి, తెరుస్తూనే సెల్లులో డ్యూటీ మేనేజర్‌ను పిలిచింది.

అప్పుడు ఉదయం ఏడు దాటి పది నిమిషాలు. డ్యూటీ మేనేజర్ సంపత్ రిసెప్షన్ బల్ల దగ్గర రాత్రి పనివాళ్లు అప్పగించిన కాగితాలు చదువుతున్నాడు. లిఫ్టు కోసం ఆగకుండా మెట్లెక్కి పరుగెత్తాడు. గది గుమ్మం దగ్గర మాత్రం ఆగాడు. లోపల యాదవ్వ పెద్ద తువ్వాలు, దానిమీద దుప్పటి కప్పి, "ఇగ రాండ్రి సారు" అన్నాకే అడుగు లోపల పెట్టాడు.

ఆ గదిలో దిగిన యాభై ఎనిమిదేళ్ల లిడియా వాష్‌బేసిన్‌కు, స్నానం చేసేచోట నీళ్లకు అడ్డుగా నిలబెట్టిన అద్దానికి మధ్య పక్కకు ఒరిగి ఉంది. తడి జుట్టు నేలమీద నల్లటి నీటిపాయలా పరుచుకుంది. అద్దానికి అవతల రబ్బరు చాప ఉండాల్సిన చోటే ఉంది. ఇవతల నేల తడిగా ఉంది. ఆమె కుడి మణికట్టును ఎడమ చేత్తో పట్టుకుని, ముందుగా అడిగింది తన తాళాలు ఎక్కడున్నాయని. బేసిన్ గట్టుమీద ఇరవైకి తక్కువ కాని తాళంచెవుల గుత్తి ఒకటి ఉంది. యాదవ్వ దాన్ని తీసి చూపించాక గాని ఆమె ఊపిరి కుదుటపడలేదు.

పడ్డ మనిషిని గబుక్కున లేపకూడదు. మెడ నొప్పి ఉందా, కాళ్లు కదులుతున్నాయా, వేళ్లకు స్పర్శ తెలుస్తోందా అని అడగాలి, డాక్టర్‌ను పిలవాలి, మందుబిళ్ల ఏదీ మనంగా ఇవ్వకూడదు. ఇవన్నీ సంపత్ చేశాడు. ఎట్లా పడ్డారమ్మా అని కూడా అడిగాడు. లిడియా కళ్లు మూసుకునే జవాబు చెప్పింది.

"పడ్డ బిడ్డా. చక్కరచ్చింది."

ఆ దిక్కున చక్కర్ అంటే కళ్లు తిరగడం. సంపత్ తల ఊపాడు. ఆ మాటను మనసులో ఎక్కడ పెట్టాడో ఆ క్షణాన అతనికి తెలియలేదు.

ఇరవై నిమిషాల్లో హోటల్‌కు ఎప్పుడూ వచ్చే డాక్టర్ వచ్చాడు. గుమ్మంలోనే సంపత్ విషయం చెప్పాడు: చక్కర్ వచ్చి పడ్డారట సార్. డాక్టర్ ఆ ముక్క చీటీమీద రాసుకుని, బీపీ చూశాడు, వేలికొన నుంచి చుక్క తీసి షుగర్ చూశాడు. రెండూ మామూలుగానే ఉన్నాయి. తల వెనుక చిన్న బొప్పి కట్టింది. మణికట్టుకు ఎక్స్‌రే తీయించాలని, తలకు దెబ్బ తగిలింది కాబట్టి మధ్యాహ్నం దాకా ఆసుపత్రిలో కనిపెట్టుకుని ఉండాలని అన్నాడు. హోటల్ కారులో లిడియా వెళ్లింది, తోడుగా యాదవ్వ వెళ్లింది. సంపత్ ఆ గదిని ఎవరికీ ఇవ్వకుండా కంప్యూటర్‌లో ఆపి, తాళం వేయించాడు.

తర్వాత కూర్చుని రిపోర్ట్ రాశాడు.

ఇన్సిడెంట్ రిపోర్ట్ రెండు గంటల్లోగా జనరల్ మేనేజర్‌కు, హైదరాబాద్ హెడ్డాఫీసుకు చేరాలి. ఏ సమయం, ఏ చోటు, నేల ఎట్లా ఉంది, దీపం వెలుగుతోందా, కాళ్లకు ఏముంది, ఎవరు చూశారు, ఏ సాయం చేశారు. అన్నీ గళ్లు. గళ్లలో తన అభిప్రాయం ఉండకూడదు. ఒక గడి మాత్రం అతిథి మాటల కోసం. అందులో సంపత్, తనకు కళ్లు తిరిగి పడిపోయినట్టు అతిథి చెప్పారని ఇంగ్లీషులో ఒక్క వాక్యం రాశాడు. నున్నటి వాక్యం. ఎక్కడా అడ్డుపడలేదు. సంతకం పెట్టి, స్కాన్ చేసి పంపాడు.

రిపోర్ట్ రాయడం సంపత్‌కు ఇంటినుంచి వచ్చిన విద్య. అతను పుట్టి పెరిగింది గోదావరి దిక్కున బొగ్గుబాయి కాలనీలో. తండ్రి ఎల్లేశం బాయిలో సర్దార్. షిఫ్టు మొదట్లో చేతికర్ర పట్టుకుని పైకప్పును కొడుతూ పోవడం, ఆ చప్పుడు వినడం, గట్టిగా మోగితే మనుషులను లోపలికి రానివ్వడం, డొల్లగా మోగితే ఆపడం ఆయన పని. షిఫ్టు దిగాక పుస్తకంలో రిపోర్ట్ రాసి సంతకం పెట్టాలి. ఇంటికొచ్చాక కూడా ఆ చేయి ఊరుకునేది కాదు. గోడను, మంచం కోడును, కొత్తగా కొన్న కుండను వేలి కణుపుతో తట్టి చెవి ఒగ్గేవాడు. కొడుకు హోటల్ మేనేజ్‌మెంట్ చదువుతానంటే ఎల్లేశం వద్దనలేదు. ఒకటే చెప్పాడు: "ఏడ పని చేసినా చూసింది రాయి, విన్నది రాయి. అనుకున్నది రాయకు." హైదరాబాద్‌లో నాలుగేళ్లు, కరీంనగర్‌లో పదకొండేళ్లు ఆ మాట సంపత్‌ను బాగానే మోసింది. అతని రిపోర్టులను హెడ్డాఫీసు వాళ్లు కొత్తగా చేరినవాళ్లకు చూపిస్తారని పేరు.

జనరల్ మేనేజర్ అనిల్ కుమార్ రిపోర్ట్ చదివి, సంపత్‌ను పిలిచి మెచ్చుకున్నాడు. అతిథి ఆరోగ్యం వల్ల జరిగింది కాబట్టి హోటల్‌కు ఇబ్బంది లేదన్నాడు. పదకొండింటికి ఆసిఫాబాద్ నుంచి ప్రేమ్‌చంద్ అనే ఆయన ఫోన్ చేశాడు. అక్కడ చర్చి వాళ్లు నడిపే ఆడపిల్లల హాస్టల్‌కు ఆయన కమిటీ సెక్రటరీ. ఆ హాస్టల్ వార్డెన్ లిడియా. వార్డెన్ల శిక్షణ కోసం ఆమెకు గది మాట్లాడింది కమిటీయే. తమ మనిషికి ఏమైందో ఒక ఉత్తరం రాసి ఇవ్వమని అడిగాడు. లోపలి రిపోర్ట్ బయటివాళ్లకు ఇవ్వరు గాని, దాన్నిబట్టి నాలుగు వాక్యాల ఉత్తరం సాయంత్రం నాలుగింటికల్లా పంపుతామని అనిల్ కుమార్ ఒప్పుకున్నాడు.

పన్నెండున్నరకు లిడియా తిరిగొచ్చింది. ఎముక విరగలేదు. బెణుకు. చేతికి పట్టీ చుట్టి, మెడలోంచి గుడ్డతో వేలాడదీశారు. లాబీలో కిటికీ పక్క సోఫాలో కూర్చుంది. ఎడమ చేతిలో తాళాల గుత్తి. సంపత్ చాయ్ తెప్పించి, రిపోర్ట్‌లో ఆమె మాటలున్న కాగితాన్ని ముందుపెట్టి, చదివి సంతకం చేయమన్నాడు. ఉదయమే చేయించాల్సిన సంతకం. చేయి అట్లా ఉందని ఆగాడు.

ఆమె కళ్లద్దాలు ఎడమ చేత్తోనే పెట్టుకుంది. చదివింది. మళ్లీ చదివింది. కాగితం బల్లమీద పెట్టి, దానిమీద తాళాల గుత్తి పెట్టింది, ఎగిరిపోతుందేమో అన్నట్టు.

"గిది నేనన్న మాట కాదు."

సంపత్ మొదట ఇంగ్లీషు అర్థం కాలేదేమో అనుకుని తెలుగులో చెప్పబోయాడు. ముప్పై ఏళ్లు ఇంగ్లీషు పాఠం చెప్పిన మనిషినని ఆమె నెమ్మదిగా అంది.

"చక్కరచ్చి పడ్డ అని రాసినవ్. నేను గట్లెందుకంట? కాలు సర్రున పోయింది, పడ్డ, తల కొట్టుకుంది. పడ్డంక చక్కరచ్చింది."

"పొద్దున చక్కరచ్చిందన్నరు గద మేడం."

"అన్న. అచ్చిందన్న. అచ్చి అనలే."

సంపత్ కలం కింద పెట్టాడు. పొద్దుటి మాటలు ఆ తడి గదిలోంచి నడిచి వచ్చి ఎదురుగా నిలబడ్డాయి. పడ్డ బిడ్డా. చక్కరచ్చింది. రెండు వాక్యాలు. ఒకటి ఆగి, ఊపిరి పీల్చి, రెండోది. వాటి మధ్య ఉన్న చిన్న ఖాళీలో ఆమె ఏమీ పెట్టలేదు. అక్కడ 'అందుకే' అనే మాటను పెట్టింది తను. వెనకది ముందుకు తెచ్చి, ముందుది వెనక్కి తోసి, డాక్టర్‌కు చెప్పాడు, గడిలో రాశాడు, హైదరాబాద్ దాకా పంపాడు.

చాయ్‌లో చక్కెర వేయమంటారా అని పక్కనున్న స్టీవార్డ్ అడిగాడు. రెండు చెంచాలు వెయ్యమని లిడియా అంది. తర్వాత సంపత్ వైపు తిరిగి, "నాకు చక్కెర రోగం లేదు, చక్కర్ రోగం లేదు. జర గిది కూడ రాసుకో" అంది. నవ్వబోయింది గాని నవ్వు పూర్తికాలేదు. ఎందుకంటే ఆ తర్వాత చెప్పాల్సింది వేరే ఉంది. దాన్ని ఆమె కిటికీలోంచి రోడ్డు చూస్తూ చెప్పింది.

పోయిన ఏడు గుడ్ ఫ్రైడే రోజున ఉపవాసంతో ప్రార్థనలో నిలబడి ఉండగా ఆమెకు నిజంగానే కళ్లు తిరిగాయి. పిల్లల ముందే కూలబడింది. కమిటీ వాళ్లు కూర్చుని మాట్లాడుకున్నారు. అరవై రెండు మంది ఆడపిల్లలున్న హాస్టల్, రాత్రిళ్లు వార్డెన్ ఒక్కతే ఉంటుంది, ఇంకొక్కసారి కళ్లు తిరిగి పడితే తాళాలు అప్పగించి విశ్రాంతి తీసుకోవాలని మర్యాదగానే చెప్పారు. ఆమె సరేనంది. అప్పటినుంచి పొద్దున్నే జొన్నరొట్టె తినకుండా గది దాటలేదు.

"నీ ఉత్తరం పోతే నా తాళాలు పోతయి" అంది లిడియా. "తప్పు నాదైతే ఇచ్చేద్దును తమ్మీ. బండ మీద జారితే, చక్కరచ్చి పడ్డనంటే ఎట్ల?"

గడియారం ఒంటిగంట దాటింది. ఉత్తరానికి ఇంకా మూడు గంటలు కూడా లేవు. ఆమె మాట నిజమేనని సంపత్ నమ్మాడు. కాని నమ్మకం కూడా అభిప్రాయమే. ఉదయం ఒక అభిప్రాయాన్ని రాసి ఇంత దాకా తెచ్చుకున్నాడు. మధ్యాహ్నం ఇంకొకటి రాయదలచుకోలేదు.

యాదవ్వ రెండో అంతస్తులో బట్టల బండి దగ్గర దొరికింది. నువ్వు ముందు పోయినవు కదా, ఆమె ఏమన్నదని అడిగాడు. యాదవ్వ దిండు గలేబు మడత విప్పి మళ్లీ మడిచింది. తనకు సరిగ్గా వినబడలేదంది. కాసేపటికి, ఆయమ్మ బాధల ఉండె సారు, ఏమన్నదో ఏమో అంది. ఆమె కళ్లు రెండువందల పద్నాలుగు వైపు వెళ్లి వెనక్కి వచ్చాయి.

ఆమె దేనికి వెనకాడుతోందో సంపత్‌కు తెలుసు. పోయిన ఏడు నాలుగో అంతస్తులో ఒకాయన జారితే, నేల తడి ఉంచిందని రామవ్వను పనిలోంచి తీసేశారు. చక్కర్ కాదంటే తడి. తడి అంటే తుడిచే మనిషి.

"నిన్న మధ్యాహ్నం నువ్వు ఆరబెట్టినంకనే ఆమె గదిలకు దిగింది. గది చెకింగ్ కాగితంల సంతకాలున్నయి. పొద్దున నీళ్లు ఆమె స్నానం నీళ్లే" అన్నాడు. "నీ మీదికి రాదు యాదవ్వా. రాకుండ చూస్త అని కాదు, కాగితమే రానీయదు."

యాదవ్వ గలేబు బండిమీద పెట్టింది.

"కాలు సర్రున పోయిందన్నది సారు. నేను తలుపు తీసేటాల్లకు గదే అంటున్నది. గా చక్కర్ ముచ్చట మీరొచ్చినంకనే." ఆగింది. "ఇంకోటి చెప్పాల్నా? గా రెండు బండలు మంచియి కావు. నెల కిందనే నర్మదమ్మకు చెప్పిన."

నర్మద ఆ అంతస్తు సూపర్‌వైజర్. షిఫ్టు మారినప్పుడు రాసే పుస్తకం తిప్పితే, నెల కిందటి తేదీ కింద ఆమె చేతిరాత దొరికింది. రెండువందల పద్నాలుగు, బాత్రూం, బేసిన్ ముందర రెండు బండలు నున్నగా ఉన్నాయి, మెయింటెనెన్స్‌కు చెప్పాలి. పక్కన పూర్తయినట్టు టిక్కు లేదు.

సంపత్ గది తెరిపించాడు. నేల ఆరిపోయింది. లేత బూడిదరంగు బండలన్నీ ఒకే తీరుగా, మబ్బు పట్టిన పొద్దుటి ఆకాశంలా ఉన్నాయి. వంగి వేలి కణుపుతో ఒక్కొక్కటీ తట్టాడు. తండ్రి చెవి తనకూ వచ్చి ఉంటుందని ఎక్కడో ఆశ. అన్నీ గట్టిగానే మోగాయి. చెవికి ఏ తేడా దొరకలేదు. అప్పుడు బూట్లు, సాక్సులు విప్పాడు. ఒక మగ్గు నీళ్లు పోసి, గోడ పట్టుకుని, పాదం మోపి నెమ్మదిగా జరిపాడు. మామూలు బండమీద పాదం పట్టుకుని ఆగింది. బేసిన్ ముందరి రెండింటిమీద నూనెలో వేసినట్టు జారింది.

మెయింటెనెన్స్ చూసే లక్ష్మీరాజాన్ని పిలిచాడు. ఆయన వచ్చి, బండలను కాదు, సంపత్ ఉత్తకాళ్లను చూసి, ఏంది సారు మొక్కు ఉన్నదా అన్నాడు. నీళ్లు పోసి చూపించాక నవ్వు ఆపాడు. వానాకాలంలో ఆ రెండు పగిలాయని, నేలకు వేసే గరుకు రకం దుకాణంలో లేదని, గోడకు వేసేవి అదే రంగులో స్టోరులో మిగిలి ఉంటే వేశానని దాచకుండా చెప్పాడు.

"రంగు కలిసింది గద, సాలనుకున్న సారు. పొడిగున్నప్పుడు నేను నడిసి సూసిన. తడిపి సూడలే."

సంపత్ ఆయన్ను ఏమీ అనలేదు. తడిపి చూడని మనుషులు ఆ రోజు అక్కడ ఇద్దరున్నారు, రెండోవాడు తను. బండలను పొడిగా, తడిగా ఫొటోలు తీశాడు. పుస్తకంలోని పేజీని తీశాడు. తర్వాత డాక్టర్‌కు ఫోన్ చేసి, పొద్దున చెప్పిన ముక్క తన తప్పని, పేషెంట్ మాట కాదని ఒప్పుకున్నాడు. డాక్టర్ కొంచెం విసుక్కుని, అయితే ఆమెనే చెప్పమనండి అన్నాడు. లిడియా చెప్పింది. ఆయన తన చీటీకి కింద ఇంకో వరుస చేర్చి, సంతకం పెట్టి ఫొటో పంపాడు.

మూడింటికి సంపత్ అనిల్ కుమార్ గదిలోకి వెళ్లాడు. నిజానికి అప్పటికి అతని షిఫ్టు అయిపోయింది. అనిల్ కుమార్ ఫొటోలు చూశాడు, పేజీ చూశాడు. ఆయన చెడ్డవాడు కాదు. మూడేళ్లుగా ఆ హోటల్ మీద మచ్చ పడకుండా కాపాడుకుంటున్న మనిషి. బండలు రేపే మార్పించమన్నాడు. రిపోర్ట్ మాత్రం అట్లాగే ఉండనిమ్మన్నాడు.

"ఒకసారి పంపిన రిపోర్ట్‌ను మళ్లీ తెరిస్తే, మొదట రాసింది అబద్ధమనే కదా అర్థం?"

"అబద్ధం కాదు సార్, తప్పు. ఆమె చెప్పింది రాయలేదు. నేను అనుకున్నది రాసిన."

"నీ మీద మెమో వస్తుంది. పదకొండేళ్లలో మొదటిది."

"రానియ్యండి సార్. రిపోర్ట్ మీద సంతకం నాది. ఉత్తరం మీద సంతకం మీది. నా రిపోర్ట్ చూసే కద మీరు పెట్టేది."

అనిల్ కుమార్ పేజీ ఫొటోను ఇంకోసారి చూశాడు. గడియారం చూశాడు. చివరికి, నాలుగింటికి ఉత్తరం పోవాలి, ఆలోగా ఏం రాస్తావో రాసుకో అన్నాడు.

పాత కాగితాన్ని సంపత్ ముట్టుకోలేదు. దిద్దలేదు, తెల్లసిరా పూయలేదు. తప్పు ఉన్నచోటే ఉండాలి. కొత్త కాగితం తీసుకుని, పైన తేదీ, సమయం వేసి, ఉదయం పంపిన రిపోర్ట్‌కు ఇది అనుబంధమని రాశాడు. అతిథి మాటలున్న గడి గురించి రాస్తూ ఈసారి ఇంగ్లీషులోకి తిప్పలేదు. ఆమె మాటను ఆమె నోటి తెలుగులోనే, కొటేషన్ గుర్తుల మధ్య పెట్టాడు: "కాలు సర్రున పోయింది, పడ్డ, తల కొట్టుకుంది. పడ్డంక చక్కరచ్చింది." దాని కింద, మొదటి రిపోర్ట్‌లో ఈ వరుస తారుమారైంది, పొరపాటు రాసినవారిది, అతిథిది కాదు అని ఇంగ్లీషులో. తర్వాత బండలు, ఫొటోలు, పుస్తకంలో పేజీ. చివర గది చెకింగ్ కాగితం సంగతి, నేల అంతకుముందు ఆరే ఉందని.

లిడియా చదివి ఎడమ చేత్తో సంతకం చేసింది. వంకర అక్షరాలు. పక్కన సాక్షిగా యాదవ్వ సంతకం చేసింది. ఉత్తరంలో ఆరోగ్యం సంగతులు ఎంతవరకు రాయమంటారని సంపత్ అడిగాడు. ఆమె చెప్పకుండా అవి కమిటీకి పంపకూడదు. ఆమె తల అడ్డంగా ఊపింది.

"జారి పడ్డదని రాయుండ్రి, సాలు. నా బీపీ, నా షుగర్ ఆళ్లకెందుకు."

నాలుగు కొట్టడానికి ఐదు నిమిషాల ముందు అనిల్ కుమార్ ఉత్తరం పంపాడు. సంపత్ రాసిచ్చిన నాలుగు వాక్యాల్లో బండల వాక్యం తీసేశాడు. మిగిలిన మూడింటిలో ఒకటి, తమ అతిథి స్నానాల గదిలో జారిపడ్డారని చెప్పింది. ఒకటి, తక్షణం వైద్యం చేయించామని చెప్పింది. ఇంకొకటి విచారం తెలిపింది. కళ్లు తిరగడం అనే మాట ఎక్కడా లేదు. బండల సంగతి అనుబంధంతో పాటు హైదరాబాద్ వెళ్లింది. అది ఉత్తరంలో లేకపోయినా లిడియాకు లోటు లేదు. ఆమెకు కావాల్సింది ఒక్క మాట. ఆ మాట ఉంది.

ఐదింటికి ప్రేమ్‌చంద్ లిడియాకే ఫోన్ చేశాడు. సంపత్ కొంచెం ఎడంగా నిలబడ్డాడు. అవతలి మాట వినపడలేదు. ఇవతల ఆమె, అవునన్నా, జారిన, చెయ్యి బెణికింది, ఎల్లుండికల్లా వస్త, పిల్లలకు రాత్రి అన్నం టైముకు పెట్టమను అంది. ఫోన్ పెట్టేసి తాళాల గుత్తిని సంచిలో వేసుకుంది. పొద్దుటినుంచి మొదటిసారి ఆమె చేయి ఖాళీగా కనిపించింది.

మెమో నాలుగో రోజున వచ్చింది. తొలి రిపోర్ట్‌లో అతిథి మాటలను నిర్ధారించుకోకుండా రాసినందుకు జాగ్రత్తగా ఉండాలని హెచ్చరిక. సంపత్ అందినట్టు సంతకం పెట్టి, తన ఫైల్లో తనే దాచాడు. ఆదివారం కాలనీకి వెళ్లినప్పుడు తండ్రికి చెప్పాడు. ఎల్లేశం విని, ఎప్పటిలాగే మంచం కోడు మీద వేలితో రెండుసార్లు తట్టాడు.

"తిరగ రాసినవా?"

"రాసిన బాపు."

"మంచిది" అని, కోడలు రేవతిని చాయ్ అడిగాడు.

రెండువందల పద్నాలుగులో కొత్త బండలు పడ్డాయి. గరుకువి. రంగు సరిగ్గా కలవలేదు, చుట్టూ ఉన్నవాటికంటే ఒక వీసం ముదురు. ఆ గదిని మళ్లీ అమ్మకానికి తెరిచే ముందు యాదవ్వ మగ్గుతో నీళ్లు గుమ్మరించి, చెప్పులు విడిచి, బేసిన్ ముందు నిలబడి పాదం జరిపి చూసింది. గుమ్మంలోంచి సంపత్ ఎట్లుందని అడిగాడు.

"పట్టుకుంటున్నది సారు" అంది యాదవ్వ. అని, ఇంకోసారి జరిపి చూసి, తుడవడం మొదలుపెట్టింది.